మల్టిపుల్ రిగ్రెషన్ కోఎఫిషియంట్, రెసిడ్యువల్స్ మధ్య స్లోపు: రెండూ ఒకటే ఎందుకు వస్తున్నాయి?

శ్రావణి_ఎమ్మెస్సీ

నమస్కారం అండీ. ఇంటర్నల్స్‌కి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. R లో ఉండే `mtcars` డేటా తీసుకున్నాను. 32 కార్ల వివరాలు, 1974లో ఒక అమెరికన్ మోటారు పత్రికలో వచ్చినవి. `mpg` అంటే మైలేజీ, `wt` అంటే బరువు (వెయ్యి పౌండ్ల లెక్కన), `hp` అంటే హార్స్‌పవర్.

`wt` ఒక్కటే పెట్టి `mpg` మీద రిగ్రెషన్ వేస్తే స్లోపు -5.344. `hp` ని కూడా చేరిస్తే `wt` కోఎఫిషియంట్ -3.878 అయింది. మారడంలో వింత లేదు, బరువైన కార్లకి హార్స్‌పవర్ కూడా ఎక్కువే కాబట్టి.

తర్వాత క్లాసులో చెప్పింది చేశాను. `mpg` ని `hp` మీద వేసి రెసిడ్యువల్స్ తీశాను. `wt` ని కూడా `hp` మీద వేసి రెసిడ్యువల్స్ తీశాను. ఆ రెండింటి మధ్య మామూలు రిగ్రెషన్ వేశాను.

```
m  <- lm(mpg ~ wt + hp, data = mtcars)
ey <- resid(lm(mpg ~ hp, data = mtcars))
ex <- resid(lm(wt ~ hp, data = mtcars))
coef(m)["wt"]
coef(lm(ey ~ ex))["ex"]
```

రెండు చోట్లా -3.87783 వచ్చింది. సుమారుగా కాదు, చివరి అంకె దాకా అదే. మ్యాట్రిక్స్ ప్రూఫ్ చూశాను, ఒక్కో లైను అర్థమైంది. కానీ అసలు ఎందుకు ఒకటే అవ్వాలో మాత్రం తట్టడం లేదు. ఎవరైనా మ్యాట్రిక్స్ లేకుండా చెప్పగలరా?

గోదారి_గట్టు

ఇందులో పెద్ద విషయమేం లేదండీ. మైలేజీలో హార్స్‌పవర్ వల్ల వచ్చిన భాగాన్ని ముందే తీసేశారు. మిగిలిన మైలేజీ బరువు వల్ల వచ్చిందే కదా. దాన్ని బరువు మీద వేస్తే బరువు కోఎఫిషియంట్ వస్తుంది. అసలు `wt` కి రెసిడ్యువల్స్ తీయడం కూడా అనవసరం, y ని శుభ్రం చేస్తే చాలు.

డేటా_దాసు

గోదారి గారూ, చెప్పే ముందు ఒకసారి రన్ చేయాల్సింది.

```
coef(lm(ey ~ wt, data = mtcars))["wt"]
```

-2.195 వస్తుంది. -3.878 కాదు.

గోదారి_గట్టు

అదెలా? హార్స్‌పవర్ భాగం పోయింది కదా?

లెక్కల_మాస్టారు

గోదారి గారి మాటలో సగం సరైనదే, కానీ తలకిందులుగా ఉంది. శుభ్రం చేయక తప్పనిది y ని కాదు, x ని. y ని వదిలేసినా స్లోపు తప్పదు. x ని వదిలేస్తే తప్పుతుంది.

కార్లు పక్కన పెట్టి, చేత్తో చేయగలిగే లెక్క ఒకటి ఇస్తాను. ఇది నేను కల్పించిన డేటా, అంకెలు గుండ్రంగా రావాలని. ఆరు వరి పొలాలు. x అంటే ఎకరానికి వేసిన ఎరువు బస్తాలు, y అంటే ఎకరానికి వచ్చిన ధాన్యం బస్తాలు. మూడు పొలాలు వర్షాధారం, మూడింటికి కాలువ నీరు. మూడో వేరియబుల్ z అంటే కాలువ ఉందా లేదా, 1 లేదా 0.

```
వర్షాధారం:  (x, y) = (1, 12)  (2, 15)  (3, 15)
కాలువ:      (x, y) = (3, 24)  (4, 24)  (5, 27)
```

z ని పట్టించుకోకుండా ఆరు పొలాలనీ కలిపి గీత గీస్తే స్లోపు 3.9. అంటే ఒక బస్తా ఎరువుకి దాదాపు నాలుగు బస్తాల ధాన్యం అదనం. ఏ రైతుకి చెప్పినా నవ్విపోతాడు. కాలువ కింద పొలాలకి ఎరువూ ఎక్కువ వేశారు, దిగుబడీ ఎక్కువ వచ్చింది. నీళ్ల ఘనతంతా ఎరువు ఖాతాలో పడింది.

ఇప్పుడు రెసిడ్యువల్స్ తీద్దాం. z కి 0, 1 తప్ప వేరే విలువ లేదు కాబట్టి దేన్నైనా z మీద రిగ్రెస్ చేస్తే వచ్చే అంచనా ఆ గుంపు సగటే. రెసిడ్యువల్ అంటే గుంపు సగటు నుంచి తేడా. వర్షాధారం పొలాల్లో x సగటు 2, y సగటు 14. కాలువ పొలాల్లో 4, 25.

```
వర్షాధారం:  (-1, -2)  (0,  1)  (1, 1)
కాలువ:      (-1, -1)  (0, -1)  (1, 2)
```

x తేడాని y తేడాతో గుణించి కూడితే రెండు గుంపుల్లోనూ 3 చొప్పున మొత్తం 6. x తేడాల వర్గాల మొత్తం 4. స్లోపు 6/4 = 1.5. మీరు x, z రెండూ పెట్టి మల్టిపుల్ రిగ్రెషన్ వేసినా x కోఎఫిషియంట్ 1.5 వస్తుంది, చూసుకోండి.

గోదారి గారి పద్ధతిలో y తేడాలు మాత్రమే తీసి x ని ఉన్నదున్నట్టు ఉంచితే పైన 6 అలాగే ఉంటుంది. కింద మాత్రం x మొత్తం చెదురు, అంటే 10 వస్తుంది. 6/10 = 0.6. ఆ పదిలో ఆరు వంతులు రెండు గుంపుల సగటుల మధ్య దూరం వల్ల వచ్చినవి. y లోంచి ఆ దూరాన్ని తీసేసి x లో ఉంచేస్తే భాగహారంలో కింద అంకె ఊరికే పెరిగి స్లోపు చిక్కిపోతుంది.

శ్రావణి_ఎమ్మెస్సీ

మాస్టారూ, ఇది బాగా అర్థమైంది. మరి y ని శుభ్రం చేయకుండా x ని మాత్రమే చేస్తే? నేనే వేసి చూశాను. x తేడాలతో అసలు y ని గుణిస్తే వర్షాధారం: -12 + 0 + 15 = 3. కాలువ: -24 + 0 + 27 = 3. మళ్లీ 6! కింద 4. కాబట్టి 1.5 నే.

లెక్కల_మాస్టారు

అదీ సంగతి. ఒక గుంపులో x తేడాలన్నీ కూడితే సున్నా. కాబట్టి ఆ గుంపులో y లన్నిటికీ ఎంత కలిపినా, ఎంత తీసినా గుణకారాల మొత్తం మారదు. y లో కాలువ వల్ల వచ్చిన ఎత్తు ఉందో లేదో x రెసిడ్యువల్‌కి కనపడనే కనపడదు.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. పూర్తి రిగ్రెషన్ ఇచ్చే సమీకరణం ఇది. ఇందులో u అంటే పూర్తి మోడల్ రెసిడ్యువల్, r అంటే x ని z మీద వేస్తే మిగిలిన రెసిడ్యువల్.

```
y = a + b*x + c*z + u
```

రెండు వైపులా r తో గుణించి అన్ని వరసలకీ కూడండి. లీస్ట్ స్క్వేర్స్ రెసిడ్యువల్‌కి ఒకటే గుణం ఉంది: ఏ వేరియబుల్స్ మీద వేసి దాన్ని తీశామో, వాటిలో దేనితో గుణించి కూడినా సున్నా వస్తుంది. r ని స్థిరాంకం, z ల మీద వేసి తీశాం. అందుకని a పదం పోయింది, c పదం పోయింది. u ని స్థిరాంకం, x, z ల మీద వేసి తీశాం. r అనేది x, z, స్థిరాంకం కలిస్తే వచ్చిందే కాబట్టి u పదమూ పోయింది. ఇక మిగిలింది:

```
sum(r*y) = b * sum(r*x)
sum(r*x) = sum(r*r)
b = sum(r*y) / sum(r*r)
```

రెండో లైను ఎందుకంటే x లో z చెప్పగలిగిన భాగం r తో గుణిస్తే సున్నా, మిగిలింది r యే. మూడో లైను y ని r మీద వేసిన మామూలు స్లోపు. b ఎక్కడా సుమారు కాదు, అందుకే చివరి అంకె దాకా కలిసింది. z ఒక్కటి కాక ఇరవై ఉన్నా ఇదే వాదన, ఒక్క అక్షరం మార్చక్కర్లేదు.

హనుమకొండ_హరి

మంచి చర్చ. నాకూ ఇలాంటిదే ఒక ఇబ్బంది ఉంది. హైదరాబాద్ అద్దె ఫ్లాట్ల డేటా నా దగ్గరుంది, అద్దెని విస్తీర్ణం మీద, బెడ్‌రూముల సంఖ్య మీద వేశా. బెడ్‌రూముల కోఎఫిషియంట్ మైనస్‌లో వస్తోంది. బెడ్‌రూము పెరిగితే అద్దె తగ్గడమేంటి? మల్టీకొలీనియారిటీ వల్ల గుర్తు తప్పుగా వచ్చిందని ఆఫీసులో అంటున్నారు, ఒక వేరియబుల్ తీసేయమంటున్నారు. ఏది తీయాలి?

డేటా_దాసు

హరి అన్నా, ఈ థ్రెడ్ కొలీనియారిటీ గురించి కాదు, కానీ జవాబు మాత్రం ఇక్కడే ఉంది. బెడ్‌రూముల సంఖ్యని విస్తీర్ణం మీద వేసి రెసిడ్యువల్ తీయి. ఆ రెసిడ్యువల్ ప్లస్‌లో ఎక్కువగా ఉన్న ఫ్లాట్ ఏది? ఆ విస్తీర్ణానికి ఉండాల్సిన వాటికంటే ఎక్కువ గదులు ఇరికించినది. వెయ్యి చదరపు అడుగుల్లో మూడు బెడ్‌రూములు అనుకో. హాలు ఇరుకు, గదులు ఇరుకు. దానికి అద్దె తగ్గడంలో వింతేముంది? మోడల్ అడిగిన ప్రశ్న "బెడ్‌రూము పెరిగితే" అని కాదు, "అదే విస్తీర్ణంలో ఇంకో గోడ కడితే" అని. గుర్తు తప్పు కాదు.

హనుమకొండ_హరి

గోడ కడితే! ఇది మా మేనేజర్‌కి చెప్తా. కానీ ఆ మైనస్ నిజంగా డేటాలో ఉందా, రెండు మూడు ఫ్లాట్ల వల్ల వచ్చిందా అని ఎలా తెలుస్తుంది?

డేటా_దాసు

ఆ రెండు రెసిడ్యువల్స్‌తోనే బొమ్మ గీయి. అడ్డంగా బెడ్‌రూముల రెసిడ్యువల్, నిలువుగా అద్దె రెసిడ్యువల్. `car` ప్యాకేజీలో `avPlots(m)` అంటే ప్రతి వేరియబుల్‌కీ అదే గీసిస్తుంది. ఆ చుక్కల మధ్య గీత స్లోపే నీ కోఎఫిషియంట్. చుక్కలన్నీ నడిమధ్యలో గుంపుగా ఉండి, దూరంగా ఒకటో రెండో ఉంటే గీతని లాగుతున్నది అవే. మామూలు అద్దె-బెడ్‌రూముల బొమ్మలో ఇది అసలు కనిపించదు.

అలాగే అడ్డం వైపు చెదురు ఎంతుందో చూడు. స్టాండర్డ్ ఎర్రర్‌లో కింద ఉండేది `sqrt(sum(r^2))` కదా. విస్తీర్ణంతోనే బెడ్‌రూముల సంఖ్య దాదాపు చెప్పేయగలిగితే r లో ఏమీ మిగలదు, ఎర్రర్ ఉబ్బిపోతుంది. మీ ఆఫీసులో అనే కొలీనియారిటీ అంటే ఇదే. అది గుర్తుని మార్చే దోషం కాదు, చెప్పడానికి సమాచారం తక్కువ ఉందన్న హెచ్చరిక.

నీలిమ_లీడ్స్

చదువుతూ ఆగలేక రాస్తున్నాను. ఈ ఫలితానికి ఎకనామెట్రిక్స్‌లో ఫ్రిష్, వా, లోవెల్ అని ముగ్గురి పేర్లు పెట్టారు. 1933లో ఫ్రిష్, వా ఎకనామెట్రికా మొదటి సంపుటిలో రాసిన వ్యాసానికి ఒక గొడవ కారణం. కాలక్రమ డేటాలో ప్రతి సిరీస్ నుంచీ ట్రెండ్ తీసేసి తర్వాత రిగ్రెషన్ వేయాలా, లేక కాలాన్నే ఒక వేరియబుల్‌గా పెట్టాలా అని. రెండు పద్ధతులూ వేర్వేరు విషయాలు కొలుస్తాయని కొందరు నమ్మేవారు. సరళరేఖ ట్రెండ్ అయితే రెండూ అచ్చంగా ఒకటేనని వీళ్లు చూపించారు. 1963లో లోవెల్ దాన్ని సీజనల్ సర్దుబాటుకి, ఎన్ని వేరియబుల్స్‌కైనా విస్తరించాడు. యూల్ అయితే 1907లోనే ఈ లెక్క చేశాడు, పేరు మాత్రం ఆయనకి దక్కలేదు.

మాస్టారి పొలాల లెక్క మా పానెల్ డేటా వాళ్లు రోజూ చేసేదే. వేల కుటుంబాలకి వేల డమ్మీలు పెట్టకుండా, ఒక్కో కుటుంబం సగటు తీసేసి స్లోపు కడతాం.

ఒక్క విషయంలో మాత్రం నాకు పేచీ ఉంది. అందరూ "మిగతావి మారకుండా ఉంచితే" అంటారు. మనం ఏదీ ఉంచలేదు. `hp` తో సరళరేఖలో పోయే భాగాన్ని మాత్రమే తీశాం. బరువుకీ హార్స్‌పవర్‌కీ సంబంధం వంపుగా ఉంటే ఆ వంపు రెసిడ్యువల్‌లోనే దాక్కుంటుంది. `hp` వర్గంతో దానికి ఇంకా సంబంధం ఉండొచ్చు.

లెక్కల_మాస్టారు

వంపు మాట నిజమే అమ్మా. కానీ మోడల్‌లో మనం రాసింది సరళరేఖే. ఆ మోడల్ లోపల "మారకుండా ఉంచితే" అనడంలో తప్పులేదు. సమీకరణంలో z ని కదపకుండా x ని ఒకటి పెంచితే y అంచనా b పెరుగుతుంది, అంతేగా. పిల్లలకి మొదట అదే చెప్పాలి.

నీలిమ_లీడ్స్

సమీకరణంలో సరే. పిల్లలు దాన్ని కార్లకి అన్వయిస్తారు మాస్టారూ, బరువు తగ్గిస్తే మైలేజీ ఇంత పెరుగుతుందని. రెసిడ్యువల్స్‌తో మొదలుపెడితే వాళ్ల నోట ఆ మాట అంత తొందరగా రాదు.

లెక్కల_మాస్టారు

ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, వాళ్ల నోట ఏ మాటైనా వస్తుంది.

శ్రావణి_ఎమ్మెస్సీ

ఇంకో సందేహం. స్లోపు ఒకటే వచ్చింది కానీ స్టాండర్డ్ ఎర్రర్ కొంచెం తేడా ఉంది. పూర్తి మోడల్‌లో 0.6327, `lm(ey ~ ex)` లో 0.6221. ఏదో తప్పు చేశానా? ఇంటర్‌సెప్ట్ కూడా చివర e-17 లాంటి తోకతో వస్తోంది.

డేటా_దాసు

ఇంటర్‌సెప్ట్ సున్నానే, కంప్యూటర్ దశాంశాల చెత్త అది. రెండు రెసిడ్యువల్స్ సగటూ సున్నా కాబట్టి గీత మూలబిందువు గుండా పోవాల్సిందే.

ఎర్రర్ తేడా డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ వల్ల. రెండు మోడల్స్‌లో చివరి రెసిడ్యువల్స్ కూడా ఒకటే, వాటి వర్గాల మొత్తం 195.05. పూర్తి మోడల్ దాన్ని 32 - 3 = 29 తో భాగిస్తుంది. రెండో `lm` కి `hp` మీద ఇంతకుముందే ఒకటి ఖర్చయిందని తెలియదు, 30 తో భాగిస్తుంది. 0.6221 ని sqrt(30/29) తో గుణిస్తే 0.6327 వచ్చేస్తుంది. ఇక్కడ తేడా చిన్నది. నీలిమ గారు చెప్పిన వేల కుటుంబాల డేటాలో సర్దకపోతే p విలువలన్నీ అబద్ధమే.

y ని శుభ్రం చేయకుండా `lm(mpg ~ ex)` వేస్తే స్లోపు అదే -3.878, ఎర్రర్ మాత్రం 1.316. రెట్టింపు. `hp` చెప్పగలిగిన మైలేజీ తేడాలన్నీ ఎర్రర్‌లోకి వెళ్లి కూర్చున్నాయి. y ని శుభ్రం చేసేది అందుకు, స్లోపు కోసం కాదు.

గోదారి_గట్టు

అంటే y ని శుభ్రం చేయడం అనవసరం కాదన్నమాట. నేనూ అదే అన్నాను.

డేటా_దాసు

😀

ఒక సంగతి మాత్రం చెప్పి తీరాలి. ఒక ప్రాజెక్టులో రెండు పద్ధతులకీ స్లోపు కలవక ఒక టీమ్ తల పట్టుకుంది. సిద్ధాంతం తప్పలేదు, డేటాలో ఖాళీలున్నాయి. పూర్తి మోడల్ y, x, z మూడింటిలో ఏది ఖాళీగా ఉన్నా ఆ వరస వదిలేస్తుంది. x ని z మీద వేసేటప్పుడు y ఖాళీగా ఉన్న వరసలు కూడా లెక్కలోకి వచ్చేస్తాయి. రెండు చోట్లా వరసలే వేరు, స్లోపు ఎలా కలుస్తుంది? ఇంకా ఘోరం, రెండింటిలోనూ ఖాళీల సంఖ్య అనుకోకుండా సమానమైతే R ఏ గొడవా చేయదు. ఒక కారు రెసిడ్యువల్‌ని వేరే కారు రెసిడ్యువల్‌తో జత చేసి స్లోపు ఇచ్చేస్తుంది. ముందే మూడింటిలోనూ నిండుగా ఉన్న వరసలే ఉంచుకోవాలి:

```
d <- na.omit(d[, c("y", "x", "z")])
```

శ్రావణి_ఎమ్మెస్సీ

నోట్ చేసుకున్నాను. మొదట్లో -5.344 కీ -3.878 కీ మధ్య తేడా కూడా ఇందులోంచే వస్తుందా?

లెక్కల_మాస్టారు

వస్తుంది. పూర్తి మోడల్‌లో `hp` కోఎఫిషియంట్ -0.03177. `hp` ని `wt` మీద వేస్తే స్లోపు 46.16. రెండూ గుణిస్తే -1.466. దాన్ని -3.878 కి కలుపు, -5.344. పొలాల్లోనూ చూడు. కాలువ కోఎఫిషియంట్ 8, ఎందుకంటే సగటుల తేడా 11 లోంచి ఎరువు వల్ల 1.5 × 2 = 3 పోతుంది. z ని x మీద వేస్తే స్లోపు 3/10. 8 × 0.3 = 2.4. 1.5 + 2.4 = 3.9.

హనుమకొండ_హరి

బ్యాంకులో పనిచేసే మా తమ్ముడు అడగమంటున్నాడు. లోను కట్టారా లేదా అని లాజిస్టిక్ రిగ్రెషన్‌లో కూడా ఇలా రెసిడ్యువల్స్ తీసి చేయొచ్చా?

నీలిమ_లీడ్స్

నేరుగా చేస్తే కలవదు. మాస్టారి ప్రూఫ్‌లో y ని సమీకరణంగా విడగొట్టి r తో గుణించాం. లాజిస్టిక్‌లో y అలా విడిపోదు. ఆ మోడల్ లెక్కించేటప్పుడు చివరి అడుగు ఒక వెయిటెడ్ లీస్ట్ స్క్వేర్స్, ఆ అడుగులో మాత్రం ఆ వెయిట్లతోనే రెసిడ్యువల్స్ తీస్తే నిలుస్తుంది. కానీ ఆ వెయిట్లు పూర్తి మోడల్ వేశాకే తెలుస్తాయి. కాబట్టి తమ్ముడికి శ్రమ తగ్గేదేమీ లేదు.

హనుమకొండ_హరి

సరే చెప్తా. `avPlots` గీశా. బెడ్‌రూముల బొమ్మలో ఎడమ చివర ఒకే చుక్క, చాలా దూరంగా. చూస్తే జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద పెంట్‌హౌస్, రెండే బెడ్‌రూములు, అద్దె ఆకాశంలో. అది తీసేస్తే మైనస్ సగానికి తగ్గింది, గుర్తు మాత్రం మారలేదు. తీసేసి రిపోర్టు ఇవ్వనా?

డేటా_దాసు

తీసేయ్. మామూలు ఫ్లాట్ల అద్దె గురించి కదా నీ రిపోర్టు.

లెక్కల_మాస్టారు

తొందరపడకు. అద్దె లాగ్ తీసుకుని మళ్లీ బొమ్మ గీయి. అప్పుడు ఆ చుక్క అంత దూరంలో ఉండకపోవచ్చు. విస్తీర్ణం కూడా లాగ్ చేస్తే ఇంకా మేలు, ఎడమకి లాగుతున్నది విస్తీర్ణమే కాబట్టి.

నీలిమ_లీడ్స్

లాగ్ చేస్తే ప్రశ్న కూడా మారిపోతుంది మాస్టారూ. అప్పుడు కోఎఫిషియంట్ రూపాయల్లో కాదు, శాతంలో ఉంటుంది. హరి గారూ, మీ మేనేజర్‌కి ఏది కావాలో ముందు కనుక్కోండి. నేనైతే ఆ ఇల్లు ఉంచి ఒకటి, తీసేసి ఒకటి, రెండు అంకెలూ రిపోర్టులో ఇస్తాను.

హనుమకొండ_హరి

రెండు అంకెలిస్తే ఏది నిజం అని అడుగుతాడు ఆయన. లాగ్ వేసి సోమవారం బొమ్మ ఇక్కడ పెడతా.